900 కుర్తా వెనక్కి పంపితే 510 వచ్చింది, మిగతా 390 ఎక్కడికి పోయింది

గంగజాతరకి వారం ముందు తిరుపతి కొర్లగుంటలో ఒకింట్లో పెట్టిన ఆర్డర్ అనుకుందాం. ఇంటామెకి చీర 2,400, ఆయనకి కుర్తా 900, పిల్లోడికి చొక్కా 700, మొత్తం 4,000. 3,500 దాటితే 800 తగ్గింపు అని ఒక కూపన్ ఉంటే కొట్టినారు, 3,500 దాటింది కాబట్టి డెలివరీ కూడా ఫ్రీ, పైగా ఒక స్టీల్ వాటర్ బాటిల్ గిఫ్టుగా వచ్చింది. యూపీఐలో కట్టింది 3,200. తీరా పార్సిల్ విప్పితే కుర్తా ఫోటోలో మెరూన్, చేతికొచ్చింది మాత్రం మంచి ఎరుపు. రిటర్న్ పెట్టినారు, పికప్ అబ్బాయి వచ్చి తీసుకెళ్ళినాడు, అయిదో రోజు బ్యాంకు నుంచి మెసేజ్, 510 జమ అయింది అని. 900 కుర్తాకి 510 ఏంది, 390 రూపాయలు ఎవరు తిన్నారు అని ఇంట్లో ఒకటే గోల.

ఇట్లాంటప్పుడు ఎక్కువ మంది చేసేది రెండే పనులు. ఒకటి, మోసం చేసేసినారు అని తిట్టుకుని ఊరుకోవడం. రెండోది కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి నా 900 నాకు ఇయ్యండి అని అడగడం, వాళ్ళేమో సిస్టమ్ ప్రకారం కరెక్టే మేడమ్ అని పెట్టేయడం. రెండిట్లోనూ డబ్బు రాదు, ఎందుకంటే అడగాల్సిన అంకె 900 కాదు, అట్లని 510 కూడా న్యాయమైన అంకె కాదు. ఆ 390లో మూడు ముక్కలు ఉన్నాయి: కూపన్ వాటా 180, డెలివరీ కింద 60, బాటిల్ కింద 150. ఈ మూడూ ఒకే రకం కోతలు కావు, మొదటిది అసలు నష్టమే కాదు, రెండోది ఎవరి తప్పు వల్ల రిటర్న్ అయింది అనే దాని మీద ఉంటుంది, మూడోది బాటిల్ ఎక్కడుంది అనే దాని మీద. యాప్‌లో మాత్రం మూడూ కలిపేసి ఒకే అంకె చూపిస్తారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ముందు కూపన్ సంగతి. చిత్తూరు వైపు మామిడికాయల సీజన్లో మండీ దగ్గర బేరం చూసినవాళ్ళకి ఇది చెప్పకుండానే తెలుస్తుంది. విడిగా కాయ ఒక్కోటి ఇంత అని ఉంటుంది, గంప మొత్తం తీసుకుంటాం అంటే గంపగుత్తగా ఒక రేటు మాట్లాడుకుంటాం, అది విడి ధర కంటే తక్కువ. ఇంటికి పోయినాక అందులో పది కాయలు వెనక్కి తెచ్చి విడి రేటు లెక్కన డబ్బులిమ్మంటే ఏ వ్యాపారీ ఇయ్యడు, గంప రేటులో ఆ పది కాయలకి ఎంత పడిందో అంతే ఇస్తాడు. కూపన్ కూడా గంపగుత్త బేరమే. 800 తగ్గింపు అనేది చీరకి ఇచ్చింది కాదు, కుర్తాకి ఇచ్చింది కాదు, 4,000 కార్ట్ మొత్తానికి ఇచ్చింది, కాబట్టి దాన్ని మూడు వస్తువుల మీద వాటి ధరల నిష్పత్తిలో పంచుతారు.

```
వస్తువు అసలు ధర − (కూపన్ మొత్తం × వస్తువు అసలు ధర ÷ కూపన్ పడిన వస్తువుల మొత్తం)
```

మన లెక్కలో 800 అంటే 4,000లో అయిదో వంతు. అట్లా చీర మీద 480 తగ్గి 1,920 అవుతుంది, కుర్తా మీద 180 తగ్గి 720, చొక్కా మీద 140 తగ్గి 560. మూడూ కూడితే 3,200, కట్టిన డబ్బుకి సరిగ్గా సరిపోయింది. అంటే కుర్తాకి మన జేబులోంచి పోయింది 720 మాత్రమే, 900 అనేది మనం ఎప్పుడూ కట్టలేదు. కట్టని 180 తిరిగి రాలేదని బాధపడాల్సింది ఏమీ లేదు. ఇది కొంతమందికి మింగుడు పడదు, ఎందుకంటే కళ్ళకి కనిపించింది ప్రోడక్ట్ పేజీలో ఉన్న 900 అనే అంకె, కూపన్ తగ్గింపు కనిపించింది చెక్‌అవుట్‌లో అడుగున ఒకే ఒక లైన్‌గా, అందుకే మనసులో కుర్తా 900 దగ్గరే ఉండిపోతుంది, తగ్గింపంతా ఎక్కడో విడిగా ఉన్నట్టు అనిపిస్తుంది.

ఈ పంపకం కంపెనీ వాళ్ళు రిటర్న్ వచ్చినాక మనల్ని బాధపెట్టడానికి కనిపెట్టింది కూడా కాదు. అమ్మేటప్పుడే ఇచ్చిన తగ్గింపుని ఇన్‌వాయిస్‌లో చూపిస్తే ఆ తగ్గింపు మీద జీఎస్టీ కట్టనక్కర్లేదు, జీఎస్టీ చట్టం సెక్షన్ 15లోనే ఉంది. ఒక్కో వస్తువుకి పన్ను రేటు వేరుగా ఉండొచ్చు కాబట్టి 800 తగ్గింపుని ఏ వస్తువు మీద ఎంత వేసినారో ఇన్‌వాయిస్‌లో విడివిడిగా రాయాల్సి వస్తుంది. తర్వాత వస్తువు వెనక్కి వచ్చినప్పుడు అమ్మినవాళ్ళు క్రెడిట్ నోట్ అని ఒకటి రాస్తారు, అందులో ఆ వస్తువు ఇన్‌వాయిస్ లైన్‌లో ఎంతుందో అంతే రాస్తారు. కాబట్టి కుర్తాకి 720 అనేది ఆర్డర్ పెట్టిన రోజే ఖాయమైపోయిన అంకె. ఇన్‌వాయిస్ పీడీఎఫ్ తెరిచి కుర్తా వరసలో Discount అనే గడి, చివర్లో Total అనే గడి చూస్తే అప్పుడే తెలిసిపోయేది. ఆ పీడీఎఫ్ తెరిచేవాళ్ళు ఎంతమంది అంటే, నిజంగా చాలా తక్కువ, వారంటీ కోసం తప్ప దాని మొహం ఎవరూ చూడరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కూపన్ డబ్బు అమ్మేవాళ్ళు భరిస్తే ఇన్‌వాయిస్‌లో తగ్గింపు కనిపిస్తుంది. అదే యాప్ వాళ్ళు తమ జేబులోంచి భరిస్తే, లేదా బ్యాంకు కార్డు ఆఫర్ అయితే, కొన్నిసార్లు ఇన్‌వాయిస్‌లో పూర్తి ధరే ఉంటుంది, తగ్గింపు మాత్రం ఆర్డర్ పేజీలో పేమెంట్ వివరాల దగ్గర కనిపిస్తుంది. అట్లాంటప్పుడు ఇన్‌వాయిస్ పట్టుకుని ఇదిగో ఇందులో 900 ఉంది కదా అని వాదించడం నిలబడదు, అసలు కట్టింది ఎంత అనేది పేమెంట్ వివరాల్లోనే చూడాలి.

ఇంకో మెలిక, కూపన్ అన్నిటి మీదా పడిందా లేదా అనేది. చాలా కూపన్లలో కొన్ని బ్రాండ్లు, కొన్ని రకాలు ఉండవు. అదే 800 కుర్తా, చొక్కా రెండిటి మీదే పడింది, చీరకి వర్తించలేదు అనుకుందాం. అప్పుడు 800ని 1,600 మీద పంచాలి, అంటే సగానికి సగం, కుర్తాకి పడింది 450 మాత్రమే. అదే కుర్తా, అదే కూపన్, అదే కట్టిన డబ్బు, కానీ రీఫండ్ 720 కాకుండా 450 అవుతుంది, ఇది కూడా సరైన లెక్కే. అందుకే పక్కింటివాళ్ళకి ఎంత వచ్చిందో దానితో పోల్చుకుంటే ఉపయోగం ఉండదు, మన కార్ట్‌లో కూపన్ దేని మీద పడిందో అదే చూడాలి.

వాటాల పంపకం వరకు న్యాయంగానే ఉంది. అసలు దెబ్బ పడేది ఇంకో పద్ధతి వాడేవాళ్ళ దగ్గర, వాళ్ళని కొనేముందే గుర్తుపట్టాలి. కొన్ని చిన్న షాపుల సొంత వెబ్‌సైట్లలో కూపన్ నిబంధనల్లో ఒక వాక్యం ఉంటుంది, రిటర్న్ తర్వాత మిగిలిన వస్తువుల విలువ కనీస మొత్తం కంటే తగ్గితే కూపన్ రద్దవుతుంది అని. దీన్ని మన ఆర్డర్‌కి పెట్టి చూద్దాం. కుర్తా పోతే మిగిలింది చీర, చొక్కా, అసలు ధర 3,100. అది 3,500 కంటే తక్కువ, కాబట్టి కూపన్ లేదు, ఆ రెండిటికీ 3,100 పూర్తిగా కట్టాలి. మనం కట్టింది 3,200. తేడా 100. అంటే 900 కుర్తా వెనక్కి ఇస్తే చేతికొచ్చేది వంద రూపాయలు. కుర్తా బదులు చొక్కా వెనక్కి పంపి ఉంటే ఇంకా ఘోరం, మిగిలిన చీర, కుర్తా అసలు ధర 3,300, మనం కట్టిన 3,200 కంటే అదే ఎక్కువ, కాబట్టి చొక్కా వెనక్కి ఇచ్చినా ఒక్క రూపాయి కూడా రాదు. అట్లాంటప్పుడు చొక్కా వెనక్కి పంపడం కంటే ఇంట్లో ఉంచుకుని ఎవరికన్నా ఇచ్చేయడం మేలు.

ఈ రెండో పద్ధతి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. వస్తువులో తప్పేమీ లేదు, మన మనసు మారి వెనక్కి పంపినాం అంటే, ఆ షరతు ముందే కనిపించేలా రాసి ఉంటే, షాపువాళ్ళు దాన్ని అమలు చేయడంలో కొంత న్యాయం ఉంది, లేకపోతే కూపన్ కోసం అదనంగా ఒకటి వేసి తర్వాత దాన్ని వెనక్కి పంపే అలవాటు ఎక్కువైపోతుంది. కానీ వాళ్ళు పంపిందే తప్పుడు వస్తువు అయినప్పుడు కనీస మొత్తం తగ్గింది మీ వల్ల కదా అని కొనుక్కున్నవాళ్ళ మీద వేయడం ఏ లెక్కన చూసినా అన్యాయమే, చీర, చొక్కా ధరలు పెరగడానికి కారణం వాళ్ళు పంపిన రంగు మారిన కుర్తా.

కొర్లగుంట ఆర్డర్‌లో పద్ధతి మొదటిదే, వాటాల పంపకమే, అందుకే కుర్తాకి 720 లెక్క వచ్చింది. అది ఒప్పుకుందాం. మరి 720 నుంచి 510కి ఎట్లా దిగింది అనేది ఇప్పుడు చూడాలి, అడగాల్సిన 210 అక్కడే ఉంది.

ఎవరి కేసులోనైనా ఈ 210 లాంటి అంకెని బయటికి లాగడానికి ఒక తేలికైన దారి ఉంది. రీఫండ్ ఎంత వచ్చింది అని చూడటం కంటే, ఇంట్లో మిగిలిన వస్తువులకి ఎంత పడింది అని చూడాలి. కట్టింది 3,200, వెనక్కి వచ్చింది 510, అంటే చీర, చొక్కా కలిపి మనకి 2,690 పడినాయి. ఇన్‌వాయిస్‌లో వాటి లైన్లు చూస్తే 1,920, 560, కలిపితే 2,480. 2,690లోంచి 2,480 తీసేస్తే 210. ఈ 210కి ఒక పేరు ఉండాలి. పేరు చెప్పకుండా డబ్బు ఆపడానికి లేదు. కస్టమర్ కేర్‌ని అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: నా దగ్గర మిగిలిన రెండు వస్తువుల బిల్లు 2,480, నాకు పడింది 2,690, ఈ 210 ఏ పేరుతో తీసుకున్నారు, విడివిడిగా చెప్పండి. నా 900 ఎక్కడ అంటే వాళ్ళ దగ్గర రెడీగా జవాబు ఉంటుంది, ఈ 210 ఏంటి అంటే మాత్రం లెక్క తీసి చూపించాల్సి వస్తుంది.

లెక్క తీస్తే అందులో 60 డెలివరీ. డెలివరీ ఫ్రీ అన్నారు కదా, మళ్ళీ 60 ఎందుకు? రిటర్న్ తర్వాత మిగిలిన విలువ ఫ్రీ డెలివరీ గీత కిందికి పడిపోయింది కాబట్టి మొదట్లో మాఫీ చేసిన డెలివరీ ఛార్జి ఇప్పుడు వేసినారు. డెలివరీ పేరుతో జరిగే కోతలు నిజానికి మూడు రకాలు, జనం మూడిటినీ ఒకటే అనుకుంటారు. వస్తువు మన ఇంటికి తెచ్చినందుకు మొదట్లోనే కట్టిన ఛార్జి తిరిగి రాకపోవడం ఒకటి. ఇప్పుడు చెప్పినట్టు మాఫీ చేసింది మళ్ళీ వేయడం ఒకటి. వెనక్కి తీసుకెళ్ళడానికి పికప్ ఛార్జి అని కోసుకోవడం ఇంకొకటి. మనసు మారి పంపిన రిటర్న్‌లో ఈ మూడూ షాపు పాలసీలో ముందే రాసి ఉంటే మామూలుగా చెల్లుతాయి, మన దేశంలో వస్తువు బాగానే ఉన్నా డెలివరీ ఛార్జితో సహా తిరిగి ఇచ్చి తీరాలి అనే నిబంధన ఏదీ లేదు.

వస్తువు తప్పుదైతే మాత్రం లెక్క మారుతుంది. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది, వస్తువు పాడైనా, నకిలీదైనా, ప్రకటనలో చూపించిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా అమ్మేవాళ్ళు వెనక్కి తీసుకోను అనడానికి లేదు, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వను అనడానికీ లేదు. ఆలస్యం విషయంలో మాత్రం తుఫాను, వరద లాంటి చేతిలో లేని కారణాలకి మినహాయింపు ఉంది. మెరూన్ అని చూపించి ఎరుపు పంపడం అంటే ప్రకటనలో ఉన్న లక్షణం లేకపోవడమే. అట్లాంటి రిటర్న్‌కి 60 డెలివరీ మన నెత్తిన వేయడం ఈ నిబంధన ఉద్దేశానికే అడ్డం. అదే నిబంధనల్లో ఇంకోటి కూడా ఉంది, రిటర్న్, రీఫండ్ షరతులు, వెనక్కి పంపే ఖర్చు ఎంత అనేది అమ్మేవాళ్ళు ముందే అర్థమయ్యేలా చూపించాలి. కాబట్టి ముందు ఎక్కడా రాయని పికప్ ఛార్జి రిటర్న్ తర్వాత కోస్తే, మనసు మారి పంపిన రిటర్న్ అయినా సరే అడగొచ్చు.

కొర్లగుంట ఇంట్లో జరిగిన పొరపాటు కూడా ఇక్కడే ఉంది. రిటర్న్ పెట్టేటప్పుడు యాప్ కారణం అడుగుతుంది, సైజు సరిపోలేదు, నచ్చలేదు, పాడైన వస్తువు వచ్చింది, ఫోటోకి వేరుగా ఉంది అని ఒక జాబితా ఇస్తుంది. ఫోటోకి వేరుగా ఉంది అంటే ఫోటోలు పెట్టమంటుంది, అది ఒక పని, నచ్చలేదు అంటే ఏమీ అడగకుండా పికప్ ఇచ్చేస్తుంది. పని తొందరగా అయిపోతుందని ఆమె నచ్చలేదు అనే నొక్కింది. సిస్టమ్‌కి తెలిసింది అంతే, ఈమెకి మనసు మారింది అని. డెలివరీ ఎవరు భరించాలి, కూపన్ గీత తగ్గితే ఎవరి తప్పు అనేవన్నీ చాలా చోట్ల ఆ ఒక్క కారణం మీద ఆటోమేటిక్‌గా తేలిపోతాయి. అట్లని బాగున్న వస్తువుకి పాడైంది అని పెట్టడం తప్పు, పికప్ దగ్గరో గోడౌన్లోనో చెక్ చేసి రిటర్నే ఆపేస్తారు. నిజమైన కారణం ఏదో అదే పెట్టాలి, దానికి తగ్గ ఫోటో పెట్టాలి, అంతే. రంగు తేడా అయితే పగటి వెలుతురులో, పక్కన ఫోన్లో ప్రోడక్ట్ పేజీ పెట్టుకుని ఇంకో ఫోన్తో ఒక ఫోటో తీస్తే సరిపోతుంది, ట్యూబ్‌లైట్ కింద తీస్తే మెరూన్‌కీ ఎరుపుకీ తేడా తెలీదు.

ఇక 150, బాటిల్. 3,500 పైన కొంటే ఫ్రీ అని ఇచ్చిన గిఫ్టు, రిటర్న్ తర్వాత మిగిలిన విలువ ఆ గీత కంటే తగ్గితే గిఫ్టు కూడా వెనక్కి ఇవ్వాలి, ఇవ్వకపోతే దాని విలువ కోస్తారు. ఈ షరతు ముందే రాసి ఉంటే ఇందులో పెద్ద అన్యాయం ఏమీ లేదు. అన్యాయం జరిగేది రెండు చోట్ల. ఒకటి, విలువ ఎంత అనే దాంట్లో. 150 అని గిఫ్టు షరతుల్లో రాసి ఉంటే సరే, ఇన్‌వాయిస్‌లో గిఫ్టుని ధర వేసి పూర్తి తగ్గింపు చూపించి ఉంటే ఆ ధర సరే, ఎక్కడా లేకుండా బాటిల్ మీద అంటించిన ఎంఆర్‌పీ చూసి కోయడం కుదరదు. అమ్మే ధర ఎప్పుడూ ఎంఆర్‌పీకి తక్కువే ఉండే వస్తువుకి ఎంఆర్‌పీ వసూలు చేయడం అంటే గిఫ్టుని ఎక్కువ రేటుకి అంటగట్టినట్టు.

రెండోది పికప్ దగ్గర జరుగుతుంది, ఎక్కువ గొడవలు వచ్చేది కూడా ఇక్కడే. పికప్ అబ్బాయి ఫోన్లో కుర్తా ఒక్కటే చూపిస్తుంది, బాటిల్ ఆ జాబితాలో ఉండదు. అన్నా, ఈ బాటిల్ కూడా తీసుకుపో అంటే, నా దాంట్లో లేదు మేడమ్, ఇది నేను తీసుకోకూడదు అంటాడు, అతను చెప్పేది నిజమే, జాబితాలో లేని వస్తువు తీసుకుంటే అతని మీద పడుతుంది. అక్కడ గోడౌన్లోనేమో గిఫ్టు రాలేదు అని 150 కోస్తారు. ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా ఇవ్వలేకపోయిన వస్తువుకి డబ్బు కోయడం ఇది. ఇట్లా అవుతుందనుకుంటే పికప్ రాకముందే చాట్‌లో గిఫ్టు కూడా వెనక్కి ఇవ్వాలా, పికప్‌లో దాన్ని చేర్చండి అని రాసి ఆ చాట్ స్క్రీన్‌షాట్ పెట్టుకోవాలి. కొందరు పికప్ అబ్బాయిలు కుర్తా కవర్లోనే బాటిల్ పెట్టేయండి మేడమ్ అంటారు, అట్లా పెడితే సీల్ వేయకముందే రెండూ కనిపించేలా ఫోటో తీసుకోవాలి, లేకపోతే తర్వాత బాటిల్ పెట్టినాం అనడానికి ఆధారం ఉండదు.

రెండు కొంటే ఒకటి ఫ్రీ అనే ఆఫర్ కూడా ఈ గిఫ్టు కుటుంబానికి చెందిందే, కానీ లెక్క కూపన్ లెక్క. 600 చొక్కాలు మూడు, కట్టింది 1,200, ఇన్‌వాయిస్‌లో చాలాసార్లు ఒక్కోటి 400 అని పడుతుంది, ఏదీ ఫ్రీ కాదు, ఏదీ 600 కాదు. ఒకటి వెనక్కి పంపితే వాటాల పద్ధతిలో 400 వస్తుంది. ఆఫర్ రద్దు చేసే పద్ధతి అయితే మిగిలిన రెండిటికి 1,200 పూర్తి ధర, రీఫండ్ సున్నా. మూడూ కలిపి పంపితేనే తీసుకుంటాం అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ ఆఫర్లో మూడు సైజులు తీసుకుని సరిపోయింది ఉంచుకుందాం అనే ఆలోచన ఉంటే, ముందు ఆ షరతు చదవకుండా కొనకపోవడం మంచిది.

డబ్బు తగ్గినట్టు కనిపించినా నిజానికి తగ్గని సందర్భం కూడా ఒకటుంది. 3,200లో 500 గిఫ్ట్ కార్డుతోనో, వాలెట్ నుంచో, కాయిన్లతోనో కట్టి మిగతాది యూపీఐలో కట్టి ఉంటే, రీఫండ్ కూడా రెండుగా చీలి వస్తుంది, కొంత బ్యాంకుకి, కొంత వాలెట్‌కి. బ్యాంకు మెసేజ్ ఒక్కటే చూసి తక్కువ వచ్చింది అనుకుంటాం. ఫోన్ చేసేముందు యాప్‌లో వాలెట్ బ్యాలెన్స్ ఒకసారి చూసుకోవాలి. ప్లాట్‌ఫామ్ ఫీజు, హ్యాండ్లింగ్ ఫీజు, క్యాష్ ఆన్ డెలివరీ ఛార్జి లాంటి చిన్న చిన్నవి ఉంటే అవి మాత్రం ఎక్కువ చోట్ల తిరిగి రావు.

ఇప్పుడు కొర్లగుంట 210కి వద్దాం. 60 విషయంలో ఆమె కారణం నచ్చలేదు అని పెట్టింది కాబట్టి కొంచెం బలహీనంగా ఉంది, కానీ పోలేదు, కుర్తా పంపేముందు ఫోటో ఒకటి చెల్లెలికి వాట్సాప్‌లో పంపి ఉంది, చూడే రంగు ఎట్లా వచ్చిందో అని, ఆ మెసేజ్ తేదీతో సహా ఉంది. బాటిల్ విషయంలో చాట్‌లో అడగలేదు, బాటిల్ ఇంట్లోనే ఉంది, దాన్ని ఉంచుకోవాలనుకుంటే గిఫ్టు షరతుల్లో 150 అని ఉందో లేదో చూసుకోవాలి, ఉంటే అది ఒప్పుకోవాల్సిందే. వద్దనుకుంటే దానికి విడిగా పికప్ పెట్టి 150 వెనక్కి ఇమ్మని అడగొచ్చు. ఈ రెండు ముక్కలూ విడివిడిగా అడగాలి, కలిపి అడిగితే ఒకదానికి కాదు అని రెండిటికీ కాదంటారు.

ఫోన్లో మాట్లాడటం కంటే రాసి పంపడం మేలు. కస్టమర్ కేర్ దగ్గర తేలకపోతే యాప్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, మెయిల్ కచ్చితంగా ఉండాలి, పైన చెప్పిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మెయిల్‌లో పెద్ద కథ రాయక్కర్లేదు, ఆర్డర్ నంబర్, కట్టింది 3,200, వచ్చింది 510, మిగిలిన వస్తువుల బిల్లు 2,480, తేడా 210, అందులో 60 ఎందుకు కోయకూడదో ఒక వాక్యం, కుర్తా ఫోటో, ప్రోడక్ట్ పేజీ స్క్రీన్‌షాట్. కూపన్ షరతుల స్క్రీన్‌షాట్ కొన్నరోజే తీసి పెట్టుకుని ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఆఫర్ అయిపోయినాక ఆ పేజీయే ఉండదు, ఉన్నా మాటలు మారిపోయి ఉండొచ్చు.

అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్ళు తీర్పు చెప్పరు, కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు తెప్పిస్తారు, ఇట్లాంటి చిన్న మొత్తాలకి అదే సరైన దారి. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 2019 చట్టం వచ్చినాక కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా ఢిల్లీలో ఉన్నా, మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, అయిదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. 60 రూపాయలకి కమిషన్ దాకా ఎవరూ పోరు, పోనక్కర్లేదు కూడా, కానీ పదివేల ఫోన్‌కో ముప్పైవేల ఫ్రిడ్జ్‌కో ఇదే లెక్క జరిగినప్పుడు ఆ దారి ఉందని తెలిసి ఉండాలి.

ఒక్క లెక్క మిగిలిపోయింది, దాన్ని దాదాపు ఎవరూ చూడరు. కుర్తా పంపిన నాలుగు రోజులకి చీర అంచు దగ్గర దారాలు లేచిపోయినాయని చీర, దానితో పాటు చొక్కా కూడా వెనక్కి పంపేసినారు అనుకుందాం, బాటిల్ కూడా ఈసారి పికప్‌లో పెట్టించినారు. చీరకి 1,920, చొక్కాకి 560, కలిపి 2,480 వస్తుంది, ముందు వచ్చిన 510తో 2,990. కట్టింది 3,200. అన్నీ వెనక్కి పోయినాయి, ఇంట్లో ఒక్క వస్తువు కూడా లేదు, అయినా 210 వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. మొదటి రిటర్న్ అప్పుడు కోసింది కోసినట్టే ఉంటుంది, సిస్టమ్ వెనక్కి తిరిగి చూడదు. 150 బాటిల్ తిరిగి ఇచ్చినాక ఆపడానికి కారణమే లేదు, 60 కూడా చీరలో లోపం ఉంది కాబట్టి అడగొచ్చు. అన్నీ రిటర్న్ అయిన ఆర్డర్‌కి వచ్చిన రీఫండ్లన్నీ ఒకసారి కూడి కట్టిన మొత్తం పక్కన పెట్టి చూసుకోవాలి, తేడా ఉంటే రెండు రిటర్న్‌ల నంబర్లూ ఒకే మెయిల్‌లో పెట్టి అడగాలి.